కొత్తగా పరుగు మొదలుపెట్టేవారికి: షిన్ స్ప్లింట్స్ విషయంలో జాగ్రత్తలు

పరుగు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు ఆయాసం తగ్గి, ఇంకాస్త దూరం వెళ్లగలమనిపిస్తుంది. మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక లోపలి అంచు వెంట షిన్ స్ప్లింట్స్ అనే నొప్పి మొదలయ్యేది తరచుగా ఆ దశలోనే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటుపడతాయి కానీ ఎముకకు నెలలు పడుతుంది. పైగా అది గట్టిపడే క్రమంలో ముందు పాత భాగాన్ని తొలగించుకుని, ఆ తర్వాతే కొత్త భాగాన్ని నిర్మించుకుంటుంది కనుక, మధ్యలో కొంతకాలం మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. బూట్లు, చదునైన పాదాలు, గట్టి నేల కొంతవరకు కారణం కావచ్చుగానీ, ముందుగా చూడవలసింది పరుగు లెక్కనే.

ఉదాహరణకు, వారానికి మూడు రోజులు 2 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తే వ్యక్తి నాలుగో వారంలో ఐదు రోజులు 3 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తాడనుకుందాం. రోజుకు పెరిగింది ఒక్క కిలోమీటరే అయినా, వారం మొత్తం 6 నుంచి 15కు చేరింది, విశ్రాంతి రోజులు సగానికి తగ్గాయి. నొప్పి వస్తే అతను మామూలు నడకలో నొప్పి పోయేవరకు పరుగు ఆపి, కాలిపై బరువు పడని సైకిలు లేదా ఈత వంటివి చేయవచ్చు. తర్వాత రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున 20 నిమిషాలతో మొదలుపెట్టాలి. మర్నాడు ఉదయం ఎముక అంచును బొటనవేలితో నొక్కి చూసుకుని, నొప్పి ముందురోజుకంటే పెరగకపోతేనే తర్వాతి మెట్టు ఎక్కాలి. రోజులు, దూరం, వేగం మూడింటిలో ఒకసారికి ఒక్కదాన్నే పెంచాలి. దూరాన్ని వారానికి 10 శాతానికి మించి పెంచకూడదనే ప్రసిద్ధ సూత్రం కన్నా ఈ బొటనవేలి పరీక్షే నమ్మదగినదని నా అభిప్రాయం. అడుగులు కాస్త పొట్టిగా, తరచుగా వేయడం, పిక్కల బలం కోసం మడమలు ఎత్తి దించే వ్యాయామం చేయడం మేలు చేస్తాయి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరుగెత్తకూడదు, ఎందుకంటే ఆగమని చెప్పే సంకేతాన్నే అది కప్పేస్తుంది.

షిన్ స్ప్లింట్స్ నొప్పి సాధారణంగా అరచేతి వెడల్పు మేర పరుచుకుని ఉంటుంది. వేలికొనతో చూపగలిగేంత చిన్నచోట నొప్పి, రాత్రివేళ లేదా విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి, కుంటడం, ఒంటికాలిపై గెంతలేకపోవడం ఎముకలో పగులును సూచించవచ్చు కాబట్టి, పరుగు ఆపి వైద్యుణ్ణి కలవాలి. తొలి వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు, అనుమానం మిగిలితే ఎం.ఆర్.ఐ. అవసరమవుతుంది. ఎముక ముందు అంచు మధ్యభాగంలో నొప్పి ఉన్నా, నెలసరి ఆగిపోయినా ఆలస్యం చేయకూడదు. పరుగులో కాలు బిగుసుకుని పాదం తిమ్మిరెక్కి, ఆగితే సర్దుకుంటుంటే అది కండరాల పొరల్లో ఒత్తిడి పెరిగే వేరే సమస్య కావచ్చు, దానికీ పరీక్ష కావాలి. పిక్క ఒక్కసారిగా వాచి వేడెక్కితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.