పప్పన్నం తిన్నా ముల్లు కదల్లేదు

బరువు పెరగాలని జిమ్‌లో చేరినప్పుడు నేను 54 కిలోలు. రోజూ పప్పు తింటున్నాగా, ప్రోటీన్‌కేం లోటనుకున్నా. రెండు నెలలైనా అదే బరువు. ఓ రోజు తూచి చూస్తే, నా గరిటెడు పప్పులో కందిపప్పు 25 గ్రాములే. ప్రోటీన్ ఆరు గ్రాములు కూడా లేదు!

ఒంటి బరువు కిలోకు 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్కన నాకు రోజుకు 86 గ్రాములు కావాలి, రోజంతా కలిపినా 45 దాటట్లేదు. పప్పు రెట్టింపు చేసి, అర లీటరు పాలు, 50 గ్రాముల మీల్ మేకర్ చేర్చా. మీల్ మేకర్ నానబెట్టకముందే తూచాలి, నానితే నీళ్ల బరువే ఎక్కువ. అదొక్కటే 25 ఇచ్చింది.

రోజూ తినే కేలరీలు 2,200 నుంచి 2,500కి పెంచితే చాలు. పైన చేర్చినవే 550 అయ్యాయి కాబట్టి సాయంత్రం మిక్చర్ మానేశా (బాధగానే). నెలకు కిలో చొప్పున పెరిగా. మూడో నెల ప్యాంటు నడుం దగ్గర బిగిసింది, అన్నం ఓ గరిటె తగ్గించా.