సేల్ డీడ్ ఉంది, ఈసీ క్లీన్, అయినా బ్యాంక్ లాయర్ ఫైల్ ఎందుకు తిప్పి పంపాడు?

సమస్య: లోన్‌కి పెడితే "లింక్ సరిగ్గా లేదు" అంటారు, లేదా కొన్న నాలుగేళ్లకి ఎవరో వచ్చి నా వాటా ఉంది అని నోటీసు పంపుతారు. మీ చేతిలో రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఉంటుంది.

ముందు ఒకటి అర్థం చేసుకోండి. రిజిస్ట్రేషన్ అంటే ఈ పత్రం మీద వీళ్లు సంతకం పెట్టారు అనడానికి రికార్డు, అంతే. అమ్మినవాడికి హక్కు ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ తేల్చడు. అమ్మినవాడికి ఎంత హక్కు ఉందో అంతే మీకు వస్తుంది. అందుకే లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆయనకి ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, వాళ్లకి ఎలా వచ్చింది అని వెనక్కి కనీసం 30 ఏళ్లు చదవాలి.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. చావు ఈసీలో కనపడదు! ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, అందులో వచ్చేది రిజిస్టర్ అయినవి మాత్రమే, తండ్రి పోయి పిల్లలకి ఆస్తి రావడం రిజిస్టర్ అయ్యే పని కాదు కదా. నేను చూసిన ఒక కేసు చెప్తా. తండ్రి సొంత డబ్బుతో 300 గజాల ప్లాట్ కొన్నాడు, వీలునామా లేకుండా పోయాడు, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమానం, తలా 75 గజాలకి సరిపడా వాటా. తల్లీ కొడుకులూ కలిసి మొత్తం అమ్మేశారు, పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయి సంతకం లేదు. కొన్నాయన మళ్లీ మావాడికి అమ్మాడు. ఈసీలో అన్నీ వరసగా, ఎక్కడా తేడా లేకుండా కనపడ్డాయి, కానీ అమ్మాయి నాలుగో వంతు అసలు ఎవరికీ వెళ్లలేదు. అదీ ఫలానా మూల అని కాదు, విభజన కాలేదు కాబట్టి ప్లాట్ మొత్తం మీద వాటా.

ఎలా పట్టుకోవాలంటే, ప్రతి పాత డీడ్‌లో "ఈ ఆస్తి మాకు వారసత్వంగా సంక్రమించినది" అన్న వాక్యం కోసం వెతకండి. అది కనపడగానే ఆగి మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, అందులో ఉన్న పేర్లన్నీ డీడ్‌లో అమ్మినవాళ్ల కింద ఉన్నాయో లేదో ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంటూ చూడండి. ఆ సర్టిఫికెట్లో కూడా కూతుర్ని వదిలేస్తారు, కాబట్టి పక్కింటివాళ్లని "వాళ్లకి ఆడపిల్లలు ఉన్నారా అండి" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగరు, అన్నీ అయ్యాక నా దగ్గరికి వస్తారు.

పరిష్కారం: కొనకముందు అయితే ఆమెని కూడా అమ్మేవాళ్లలో చేర్చండి, లేదంటే తన వాటా వదులుకుంటున్నానని ఆమెతో ముందు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాయించండి. తెల్ల కాగితం మీద సంతకం, నోటరీ పనికిరావు. ఇప్పటికే కొనేసి ఉంటే ఆ నాలుగో వంతుని ఆమె నుంచి నేరుగా రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తో తీసుకోవాలి. ఆమె కూడా పోయి ఉంటే ఆమె వారసులందరి సంతకాలూ కావాలి, వాళ్లలో మైనర్ ఉంటే కోర్టు అనుమతి సంగతి లాయర్‌ని అడగండి.

ఫోర్జరీ, చచ్చిపోయినవాడు బతికున్నప్పుడు ఇచ్చిన జీపీఏ, అంటే తన తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రంతో అమ్మకం లాంటివి కూడా ఉంటాయి, కానీ నా దగ్గరికి వచ్చినవాటిలో తక్కువ, ముందు వారసుల లెక్క చూడండి.