వేసవి ప్రాక్టికల్స్‌లో ఈథర్‌తో సెపరేటరీ ఫన్నెల్: కుదిపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. ఏప్రిల్‌లో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని ల్యాబులో దాని సీసా మూత తీసేసరికి అది మరిగే స్థితికి చేరి ఉంటుంది. అటువంటి ద్రవాన్ని గాజు ఫన్నెల్‌లో పోసి, మూత బిగించి, బైకార్బొనేట్ ద్రావణంతో కలిపి కుదపడం మిశ్రమాలను వేరుచేసే ప్రాక్టికల్‌లో తప్పనిసరి దశ. ఈ ప్రయోగంలో జరిగే ప్రమాదాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క దశలోనే జరుగుతాయని నా అనుభవం. అందువల్ల ఒక మిశ్రమాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ దశను వివరంగా చూద్దాం.

బెంజోయిక్ ఆమ్లం, పారా-టొలుయిడిన్, నాఫ్తలీన్ ఒక్కొక్కటి 2 గ్రాముల చొప్పున 60 మి.లీ. ఈథర్‌లో కరిగి ఉన్నాయనుకుందాం. మొదటిది ఆమ్లం, రెండవది క్షారం, మూడవది రెండూ కాదు. వీటిని విడదీయడానికి ఆధారం వితరణ గుణకం. ఒకదానిలో ఒకటి కలవని రెండు ద్రవాల మధ్య ఒక పదార్థం పంచుకున్నప్పుడు, ఈథర్‌లోని దాని గాఢతను నీటిలోని గాఢతతో భాగిస్తే వచ్చే విలువే K. విద్యుదావేశం లేని అణువు ఈథర్ వైపు మొగ్గుతుంది; అదే అణువు ప్రోటాన్ కోల్పోయో, పొందియో అయాన్‌గా మారితే నీటిలోకి దిగుతుంది. బెంజోయిక్ ఆమ్లం pKa 4.2. ఆక్టనాల్, నీటి మధ్య దాని K సుమారు 74. బైకార్బొనేట్ ద్రావణపు pH సుమారు 8.2 కాబట్టి, అక్కడ పదివేల అణువులలో ఒకటి మాత్రమే ఆమ్లరూపంలో మిగులుతుంది. అంటే పంపకం నిష్పత్తి 74 నుంచి 0.007 దరిదాపులకు పడిపోతుంది. ఆక్టనాల్ స్థానంలో ఈథర్ ఉంటే అంకెలు కొంత మారుతాయి కానీ దిశ మారదు.

ముందుగా 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని 15 మి.లీ. చొప్పున రెండు సార్లు వాడి టొలుయిడిన్‌ను నీటిలోకి రప్పించాలి. ఆ తరువాత ఈథర్ పొరను 10 మి.లీ. నీటితో ఒకసారి కడగాలి. చాలామంది ఈ కడుగును వదిలేస్తారు. అప్పుడు ఈథర్‌లో చిక్కుకున్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం తరువాత పోసే బైకార్బొనేట్‌లో కొంత తినేస్తుంది. అదనంగా వాయువునూ పుట్టిస్తుంది.

ఇప్పుడు అసలు దశ. 2 గ్రాముల బెంజోయిక్ ఆమ్లం అంటే 16.4 మిల్లీమోల్. అది మొత్తం NaHCO3 తో చర్య జరిపితే అంతే మోతాదులో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గది ఉష్ణోగ్రతలో దాని ఘనపరిమాణం సుమారు 400 మి.లీ. 250 మి.లీ. ఫన్నెల్‌లో 60 మి.లీ. ఈథర్ మీద 45 మి.లీ. ద్రావణాన్ని ఒకేసారి పోసి మూత పెట్టి కుదిపితే, మిగిలిన 145 మి.లీ. ఖాళీలోనే ఆ 400 మి.లీ. వాయువు ఇమడాలి. కొంత వాయువు ద్రవాలలో కరుగుతుందన్న మాట నిజమే, అయినా మూతను ఎగరగొట్టేంత అదనపు పీడనం రావచ్చు. దానికి ఈథర్ ఆవిరి పీడనం కూడా తోడవుతుంది. ఆ మూతను నిలిపి ఉంచేది చేతి వేళ్లు మాత్రమే. మా ల్యాబులో ఒక విద్యార్థి తొందరలో ఇలాగే చేశాడు. మూత ఎగిరి పైకప్పుకు తగిలింది, ఈథర్ అతని కోటు మీదా పక్క బల్ల మీదా చిమ్మింది. ఆ సమయంలో ఎక్కడా బర్నర్ వెలగకపోవడం అదృష్టమే.

కాబట్టి 5 శాతం బైకార్బొనేట్‌ను 15 మి.లీ. చొప్పున మూడు భాగాలుగా పోయాలి. ప్రతిసారీ మొదట మూత పెట్టకుండా ఫన్నెల్‌ను నెమ్మదిగా సుడి తిప్పుతూ నురగ అణిగేదాకా ఆగాలి. ఆ తరువాతే మూత పెట్టి, దానిని అరచేతితో నొక్కి పట్టుకొని, ఫన్నెల్‌ను తలకిందులు చేసి, గొట్టం కొసను ఫ్యూమ్ హుడ్ వెనుక గోడ వైపు ఉంచి, ఒక్క కుదుపు కుదిపిన వెంటనే స్టాప్‌కాక్ తెరవాలి. కొస పక్కవారి ముఖం వైపు ఉండకూడదు. 'సుస్స్' అనే శబ్దం ఆగాక స్టాప్‌కాక్ మూసి మళ్లీ కుదపాలి. శబ్దం రాకుండా పోయేదాకా ఇదే క్రమం. స్టాండులో పెట్టాక మూత తీయడం మరువకూడదు. తీయకపోతే లోపల శూన్యం ఏర్పడి ద్రవం కిందికి సరిగా దిగదు.

మూడు భాగాలుగా పోయమనడం ఒక్క పీడనం కోసమే కాదు. K విలువ 4 ఉన్న పదార్థాన్ని 100 మి.లీ. నీటి నుంచి 100 మి.లీ. ఈథర్‌తో ఒకేసారి తీస్తే నీటిలో 20 శాతం మిగిలిపోతుంది. అదే ఈథర్‌ను మూడు సమభాగాలు చేసి వాడితే మిగిలేది సుమారు 8 శాతమే. మిశ్రమంలో ఫినాల్, ఎస్టర్ లేవని ఖాయంగా తెలిస్తే, బైకార్బొనేట్ బదులు 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 15 మి.లీ. చొప్పున రెండు సార్లు వాడడమే నేను ఇష్టపడతాను, ఎందుకంటే అప్పుడు వాయువే రాదు. ఫినాల్ ఉండే అవకాశం ఉంటే మాత్రం బైకార్బొనేటే వాడాలి. ఫినాల్ దానికి లొంగదు, హైడ్రాక్సైడ్‌కు లొంగుతుంది.

పొరల మధ్య గీత కనబడక, పాలలాంటి ఎమల్షన్ ఏర్పడితే, బలంగా కుదిపారని అర్థం. ఇంకా కుదిపితే అది ముదురుతుంది. కొద్దిగా సంతృప్త ఉప్పు ద్రావణం చేర్చి, పది నిమిషాలు కదిలించకుండా ఉంచితే చాలావరకు విడిపోతుంది. ఏ పొర ఏదో సందేహం వస్తే ఒక్క చుక్క నీరు వేయండి: అది కలిసిపోయే పొర నీటిది. ఈథర్ సాంద్రత 0.71 కాబట్టి పైన ఉంటుంది, డైక్లోరోమీథేన్ వాడితే వరుస తారుమారవుతుంది. ఫలితాలు తూకం వేసేదాకా ఏ పొరనూ సింకులో పోయకండి, ప్రతి బీకరు మీద పేరు రాయండి.

ఆమ్లాన్ని తిరిగి రాబట్టేటప్పుడు బైకార్బొనేట్ పొరను పెద్ద బీకరులో, మంచు మీద ఉంచి, చుక్క చుక్కగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయాలి, ఫన్నెల్‌లో మాత్రం ఎప్పుడూ వేయకూడదు. మిగిలిపోయిన బైకార్బొనేట్ ఇక్కడ నురగ కడుతుంది, నీటిలో కరిగిన ఈథర్ కూడా పైకి వస్తుంది. లిట్మస్ ఎర్రబడేదాకా వేయకపోతే ఆమ్లం పూర్తిగా అవక్షేపించదు. బెంజోయిక్ ఆమ్లం 25 డిగ్రీల నీటిలో లీటరుకు 3.4 గ్రాములు కరుగుతుంది కాబట్టి 60 మి.లీ. లో 0.2 గ్రాములు, అంటే మీ ఉత్పత్తిలో పదోవంతు, వడపోతలో పోతుంది. మంచులో చల్లబరిస్తే ఆ నష్టం సగానికి తగ్గుతుంది. టొలుయిడిన్ పొరకు క్షారం చేర్చే పని కూడా మంచు మీదే చేయాలి. అది విషపదార్థం, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి.

చివర నాఫ్తలీన్ ఉన్న ఈథర్‌ను సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, హుడ్‌లో గోరువెచ్చని నీటి బాత్ మీద ఈథర్‌ను ఆవిరి చేయాలి. ఈథర్ ఆవిరి గాలికంటే రెండున్నర రెట్లు బరువు కావడంతో బల్ల మీదుగా పాకి, దూరంగా ఉన్న హాట్ ప్లేటును చేరి అంటుకోగలదు. పాత సీసా అయితే ముందే పెరాక్సైడ్ పరీక్ష చేయించండి. ఈథర్ పోయిన వెంటనే ఫ్లాస్కును బాత్ మీద నుంచి దించండి, లేకపోతే నాఫ్తలీన్ కూడా ఆవిరై గోడల మీద మెరిసే పలకలుగా పేరుకుంటుంది.