చప్పగా, నీళ్లనీళ్లగా ఉన్న పప్పును తాలింపుతో ఎలా సరిచేయాలి?

పప్పు ఉడికింది, ఉప్పూ వేశారు. అయినా అన్నంలో కలిపితే నీళ్లు ఒకవైపు, పప్పు ఒకవైపు. నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. ఇవి రెండు వేర్వేరు లోపాలు. తాలింపు చప్పదనాన్ని పోగొడుతుంది గానీ పప్పును చిక్కబరచదు. అందుకే ముందు నీళ్ల సంగతి చూడాలి.

1. ఒక బద్దను వేళ్ల మధ్య నలిపి చూడండి. మధ్యలో పలుకు తగిలితే ఇంకా ఉడకాలి. చింతపండు ముందే వేస్తే పులుపు వల్ల పప్పు తొందరగా మెత్తబడదు కాబట్టి దాన్ని ఉడికాకే వేయాలి. బద్ద మెత్తగానే ఉంటే పప్పుగుత్తితో మెదపండి. లోపలి పిండి నీళ్లలో కలిసి చిక్కదనం వస్తుంది. ఇంకా పలచగా ఉంటే మూత తీసి, అడుగంటకుండా కలుపుతూ కాసేపు మరిగించండి. చల్లారాక ఎలాగూ గట్టిపడుతుంది, కొంచెం జారుగా ఉండగానే ఆపేయండి.

2. ఇప్పుడు ఉప్పు, పులుపు చూసుకోండి. ఉప్పు తక్కువైతే ఎంత మంచి తాలింపైనా తేలిపోతుంది.

3. ఇక తాలింపు. జీలకర్రను నేరుగా పప్పులో వేసి మరిగిస్తే ఆ రుచి ఎందుకు రాదు? మరిగే పప్పు వేడి దాదాపు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నూనె అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది, దినుసులు వేగి కమ్మటి వాసన పుట్టేది ఆ వేడిలోనే. పైగా జీలకర్ర, ఇంగువల వాసన నీళ్లలో కన్నా నూనెలో బాగా దిగుతుంది. ఆ నూనె పప్పంతా పరుచుకుని ప్రతి ముద్దకీ రుచినిస్తుంది.

కప్పు కందిపప్పుకు రెండు టేబుల్ స్పూన్ల నెయ్యి గానీ నూనె గానీ చాలు. వేడయ్యాక ఒక్క ఆవగింజ వేయండి. కదలకుండా పడి ఉంటే ఇంకా ఆగాలి, వెంటనే చిటపటమంటే అర టీ స్పూను ఆవాలు వేయండి. చిటపటలు తగ్గుతుండగా నాలుగు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు వేయాలి. వాటి అంచులు బంగారు రంగుకు తిరగ్గానే అర టీ స్పూను జీలకర్ర, రెండు ఎండుమిర్చి. జీలకర్ర రంగు మారగానే స్టవ్ ఆపేసి రెండు చిటికెల ఇంగువ, ఒక రెమ్మ కరివేపాకు వేయండి. ఆకు తడిగా ఉంటే నూనె ఎగిరిపడుతుంది, తుడిచి వేయడం మంచిది.

ఆలస్యం చేయకుండా పప్పులో పోయండి. సుయ్‌మని గట్టిగా చప్పుడు రావాలి, రాకపోతే నూనె చల్లబడిపోయినట్టే. వెంటనే మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే ఆవిరితో పోయే వాసన లోపలే నిలుస్తుంది.

వెల్లుల్లి నల్లబడితే ఆ తాలింపును పప్పులో పోయకండి. ఆ చేదు విరగదు, మళ్లీ కొత్తగా వేసుకోవడమే మేలు. ఫ్రిజ్‌లో పెట్టిన పప్పుకు వాసన తగ్గిపోతుంది కాబట్టి, బాగా మరిగేలా వేడిచేసి పైన సగం కొలతతో ఇంకో తాలింపు వేయండి.