ఫోటోలో మాయమైన చుక్క: నా అనుభవం

పర్లాకిమిడిలో డిగ్రీ చదివే మా అక్క కొడుకు ల్యాబ్ నోట్‌బుక్ పేజీని ఫోటో తీసి పంపాడు. ఇత్తడి స్తూపం సాంద్రత ప్రయోగం. పట్టికను షీట్‌లోకి ఎక్కిస్తే ఒక వరుసలో సాంద్రత 0.0841 వచ్చింది. ఇత్తడి నీళ్ళ మీద తేలుతుందన్నమాట!

మిగతా వరుసల్లో 8.4 దగ్గర ఉంది కాబట్టి తేడా సరిగ్గా 100 రెట్లు. ఇది మంచి ఆనవాలు. పొడవులో చుక్క పోతే తేడా 10 రెట్లే. వ్యాసం వర్గమవుతుంది కాబట్టి అక్కడ పోతే 100. మి.మీ. అంకెలన్నిటినీ సెం.మీ. అనుకుంటే 1000. అందుకే నేరుగా వ్యాసం గడి చూశాను: 126. వెర్నియర్ కనీస కొలత 0.1 మి.మీ., అంటే ప్రతి రీడింగులో దశాంశం తర్వాత ఒక అంకె ఉండాలి. ఫోటో పెద్దది చేస్తే 12.6లోని చుక్క గీత మీద పడి కలిసిపోయింది.

సెం.మీ.లోకి మార్చి మళ్ళీ వేశాం:

V = π × 1.26² × 4.02 ÷ 4 = 5.0125 cm³
ρ = 42.15 ÷ 5.0125 = 8.409 g/cm³

వెర్నియర్ రీడింగుల్లో మూడే సార్థక అంకెలు, కాబట్టి జవాబు 8.41. తూకంలో నాలుగున్నా లాభం లేదు. మధ్యలోనే ఘనపరిమాణాన్ని 5.0 చేస్తే 8.43 వస్తుంది, అందుకే సవరణ చివర్లోనే చేయాలి.

ఇంకో చిరాకు: 40.0 అని కొడితే షీట్ 40 చేసేస్తుంది. ఆ కాలమ్‌కు నంబర్ ఫార్మాట్ `0.0` పెడితే సున్నా నిలిచింది.