పుట్టినరోజు రోస్ట్‌లో నవ్వులు ఆగిపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

స్నేహితుడి పుట్టినరోజున అతన్ని కూర్చోబెట్టి, నలుగురైదుగురు వంతులవారీగా లేచి ఆటపట్టించే రోస్ట్ రాత్రి, మన పెళ్లిళ్లలో వియ్యాలవారి మీద పాటలు పాడిన వారికి కొత్తేమీ కాదు. అయితే ఆ పాటలకు తరాలుగా స్థిరపడిన హద్దులుండేవి. ఇక్కడ వాటిని మనమే ముందుగా గీసుకోవాలి. ఇరవై మంది అతిథులు, ఐదుగురు వక్తలు, ఒక వ్యాఖ్యాత ఉన్న ఇంటి వేడుకను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

సమస్య: నలుగురే నవ్వుతున్నారు, మిగతావారు ముఖాలు చూసుకుంటున్నారు

కారణం: హాస్టల్ గదిలో జరిగినది ఆ గదిలో ఉన్నవారికే తెలుసు. పరిష్కారం: జోకుకు ముందు ఒకే వాక్యంలో సందర్భం చెప్పాలి. దానికి రెండు వాక్యాలకు మించి పడితే ఆ జోకును వదిలేయడమే మంచిది.

సమస్య: పుట్టినరోజు మనిషి నవ్వు బిగుసుకుపోయింది

మొదట చప్పట్లు కొట్టి నవ్వినవాడు, కాసేపటికి పెదవులతో మాత్రమే నవ్వుతూ, పదే పదే నీళ్లు తాగుతూ, ఫోన్ వైపు చూస్తున్నాడంటే, ఎవరో తగలకూడని చోట తగిలారని అర్థం. అతను తెలిసి చేసే పనుల మీద కాక, అతని చేతిలో లేని వాటి మీద జోకు పడడమే సాధారణంగా దీనికి కారణం. ఒంటి రంగు, రాలుతున్న జుట్టు, కుదరని సంబంధం, పోయిన ఉద్యోగం ఆ కోవలోకి వస్తాయి. ఏది చెప్పవచ్చో తేల్చుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటే: ఆ సంగతిని అతనే నలుగురిలో నవ్వుతూ చెప్పుకుంటాడా? చెప్పుకోకపోతే మనమూ చెప్పకూడదు. వారం ముందే అతన్ని అడిగి, ముట్టుకోకూడని విషయాల జాబితా తీసుకోవాలి. మొహమాటంతో అతను దాచేవి ఉంటాయి గనుక భార్యనో, అన్ననో కూడా విడిగా అడగాలి.

వేదిక మీదే పొరపాటు జరిగితే, వ్యాఖ్యాత సుదీర్ఘంగా క్షమాపణ చెప్పి ఆ గాయాన్ని అందరికీ చూపించకుండా, వెంటనే తన మీద తానే ఒక జోకు వేసుకుని తర్వాతి వక్తను పిలవాలి. క్షమాపణను తర్వాత ఏకాంతంలో చెప్పాలి.

సమస్య: మూడో వక్త నుంచి నవ్వులు పలచబడ్డాయి

ఇది ఎక్కువగా కనిపించే సమస్య. అందరూ ఒకే లోపం మీద రాసుకురావడమో, అతి గట్టి జోకు మొదట్లోనే పేలిపోవడమో దీనికి కారణం. వ్యాఖ్యాత మూడు రోజుల ముందే అందరి రాతలూ తెప్పించుకుని, ఒక్కొక్కరికి ఒక్కో విషయం కేటాయించి, మనిషికి నాలుగు నిమిషాలకు మించనివ్వకూడదు. వరుస విషయానికి వస్తే, రెండో స్థాయి జోకుతో మొదలుపెట్టి, కొంచెం ఘాటైనవి సభ వేడెక్కాక మధ్యలో పెట్టి, అన్నిటికన్నా మంచిదాన్ని చివరికి దాచుకోవాలి.

ఉదాహరణకు, మన మిత్రుడు ఎక్కడికైనా ఆలస్యంగా వచ్చే మనిషి అనుకుందాం. మొదటి వక్త, "వీడు ఫోన్లో 'బయల్దేరాను' అన్నాడంటే, మంచం మీద నుంచి బయల్దేరాడని అర్థం" అని విషయాన్ని పరిచయం చేస్తాడు. తర్వాతి ముగ్గురూ ఆలస్యం జోలికి పోకుండా, అతని వంట గురించీ, డ్రైవింగ్ గురించీ, అప్పు తీసుకున్న పుస్తకాల గురించీ మాట్లాడతారు. అందరూ ఆ మాట మరిచిపోయాక ఐదో వక్త లేచి, "పార్టీ ఏడింటికని మీ అందరికీ చెప్పాం, వీడికి మాత్రం ఐదింటికన్నాం, అందుకే ఏడున్నరకైనా వచ్చాడు" అంటాడు. మధ్యలో ఇచ్చిన ఎడం వల్లే ఈ జోకు మొదటిదానికన్నా గట్టిగా పేలుతుంది.

సమస్య: ముగింపు ఎవరినీ కదిలించలేదు

"మంచివాడు, మనసున్నవాడు" అని విశేషణాలు పేర్చడం ఒక కారణం. ఆర్ద్రత భరించలేక చివర్లో ఇంకో జోకు తగిలించడం రెండో కారణం. అతనికి అందరికన్నా దగ్గరివాడినే ఐదో వక్తగా ఉంచి, అప్పటిదాకా ఆటపట్టించిన ఆ లోపాన్నే తిప్పి చెప్పించాలి. నవ్వు తగ్గేదాకా ఆగి, గొంతు తగ్గించి, అతను ఇలా చెప్పవచ్చు: "మా నాన్నగారిని అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, నేను ఫోన్ చేసిన పావుగంటలో వచ్చినవాడు వీడే. తెల్లారేదాకా నా పక్కనే కూర్చున్నాడు." సంఘటన నిజంగా జరిగినదై ఉండాలి, చెప్పడం నిమిషంలో ముగియాలి, ఆ తర్వాత జోకు ఉండకూడదు.

అక్కడితో మైకు పుట్టినరోజు మనిషి చేతికివ్వాలి. బదులు చెప్పడానికి అతనికి ఐదు నిమిషాలుంటాయని ముందురోజే చెప్పి ఉంచితే తడబడడు. కేకు అతని మాటల తర్వాతే తేవాలి; ముందే తెస్తే అందరి చూపూ అటు పోతుంది.