పాటలో ‘ఈ’, ‘ఏ’ ఒకే చోట పడుతున్నాయా? మొదటి ఫార్మెంటును సరిచూసుకునే విధానం

సమస్య

కోనసీమలో వరినాట్లు వేసే స్త్రీల పాటలు రికార్డు చేసి, వాటిలోని అచ్చులను ప్రాట్‌ ప్రోగ్రాంలో కొలిచే వాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. అదే మనిషి మాట్లాడుతున్నప్పుడు ‘ఈ’, ‘ఏ’ల మొదటి ఫార్మెంట్లు, అంటే గొంతు, నోటి ఆకారం బలపరిచే పౌనఃపున్యాల్లో అన్నిటికంటే కిందివి, విడివిడిగా వస్తాయి. పాటలో మాత్రం రెండూ 400 హెర్ట్జ్ దగ్గర కలిసిపోతాయి. చెవికి రెండు అచ్చులూ వేరుగానే వినిపిస్తుంటాయి కాబట్టి, పాట పాడేటప్పుడు ఈ తేడా చెరిగిపోతుందని రాసేయడానికి తొందరపడవద్దు. అక్కడ చాలాసార్లు కొలతే తప్పుతుంది.

కారణం

గొంతులో స్వరతంత్రులు సెకనుకు 400 సార్లు మూసుకుంటే 400, 800, 1200 హెర్ట్జ్‌ల దగ్గర, ఇలా వరుసగా హార్మోనిక్‌లు పుడతాయి. పైకి పోయేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. ఇది మూలం. గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న నాళం తన ఆకారాన్ని బట్టి వాటిలో కొన్నిటిని పెంచి, కొన్నిటిని అణచివేస్తుంది. ఇది వడపోత. వడపోత శిఖరాలే ఫార్మెంట్లు. నాళానికి కొత్త పౌనఃపున్యాన్ని పుట్టించే శక్తి లేదు, వచ్చినవాటిని హెచ్చుతగ్గులు చేయడమే దాని పని. ఈ రెండింటినీ విడదీసి చూడవచ్చన్న సిద్ధాంతానికి స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1960లో గట్టి గణిత రూపం ఇచ్చాడు.

మన చిక్కు ఇక్కడే ఉంది. పంట కాలువ లోతును పది గజాలకొకచోట గెడ వేసి చూస్తే, రెండు గెడల మధ్య గుంట ఉన్నా తెలియదు. హార్మోనిక్‌లు కూడా వడపోత ఆకారాన్ని తామున్న చోట్లలోనే చూపిస్తాయి.

ఒక గాయని ‘ఈ’కి మొదటి ఫార్మెంటు 320, ‘ఏ’కి 450 అనుకుందాం. ఆమె 400 శ్రుతిలో పాడితే 320 దగ్గర గానీ 450 దగ్గర గానీ హార్మోనిక్ లేదు. రెండిటికీ దగ్గరగా ఉన్నది 400 ఒక్కటే. ప్రోగ్రాం రెండు అచ్చులకూ దాన్నే పట్టుకుంటుంది. వినేవారు తేడా పోల్చుకోవడానికి రెండవ ఫార్మెంటు ఉండనే ఉంది, పైగా చుట్టూ ఉన్న మాటల సందర్భం సాయపడుతుంది.

ఎలా తేల్చుకోవాలి

పాటలో శ్రుతి ఎక్కే చోట చూడండి. మొదటి ఫార్మెంటు గీత శ్రుతినే అంటిపెట్టుకుని పైకి పోతుంటే, అది ఫార్మెంటు కాదు, హార్మోనిక్ అని అనుమానించాలి. స్పెక్ట్రోగ్రాం విండో మామూలు 5 మిల్లీసెకన్లే ఉన్నా, ఇంత పై శ్రుతిలో హార్మోనిక్‌లు విడిపోయి లావుపాటి పట్టీలుగా కనిపిస్తాయి. వాటిని ఫార్మెంట్లని పొరబడటం చాలా తేలిక. సమాన దూరాల్లో ఉండి, అన్నీ కలిసి ఎక్కి దిగే పట్టీలు హార్మోనిక్‌లే.

పరిష్కారం

ముందు సెట్టింగు సరిచూసుకోండి. స్త్రీల గొంతుకు సాధారణంగా 5500 హెర్ట్జ్ లోపు ఐదు ఫార్మెంట్లు అడగాలి.

```
To Formant (burg): 0, 5, 5500, 0.025, 50
```

చిన్న పిల్లలకైతే 8000 దాకా పెంచవలసి రావచ్చు. అయితే పై శ్రుతిలో ఏ సెట్టింగూ లేని సమాచారాన్ని తెచ్చిపెట్టదు. దానికి మళ్లీ రికార్డు చేయడమే దారి. పాట అయ్యాక, గట్టు మీద ఆయిల్ ఇంజను చప్పుడు లేని చోట కూర్చుని, “పిన్నిగారూ, నోరు అలాగే ఉంచి, ఆ ‘ఈ’నే పైనుంచి కిందికి జార్చండి” అని అడగండి. శ్రుతి 400 నుంచి 200కు దిగేటప్పుడు మొదటి హార్మోనిక్ 320ని దాటి వస్తుంది. అక్కడ దాని బలం పెరిగి మళ్లీ తగ్గుతుంది. గొంతు దిగేకొద్దీ మొత్తం ధ్వని కూడా తగ్గవచ్చు కాబట్టి, ఒక్క జారుడు చాలదు. రెండు మూడు తీసుకుని, ఆ ఉబ్బు అదే చోట వస్తోందో లేదో చూడాలి.

జార్చడం కుదరకపోతే, తెల్లవారుజామున నిద్ర లేవగానే వచ్చే కిర్రుమనే గొంతుతో అచ్చు పలికించండి. అందులో స్వరతంత్రులు సెకనుకు 50 సార్లో అంతకంటే తక్కువో కొట్టుకుంటాయి, హార్మోనిక్‌లు దట్టంగా పడి శిఖరం స్పష్టమవుతుంది. గుసగుస కూడా పనికొస్తుంది కానీ, కంఠబిలం తెరుచుకోవడం వల్ల అందులో మొదటి ఫార్మెంటు కొంచెం పైకి జరుగుతుంది. ఆ అంకెను మామూలు గొంతు అంకెతో కలపకూడదు. ఫోను కాల్‌లో వచ్చిన పాటనైతే దీనికి వాడనే వద్దు. సాధారణ టెలిఫోను లైను 300 హెర్ట్జ్‌కు దిగువను బాగా తగ్గించేస్తుంది.

ఒక మెలిక మిగిలింది. పై శ్రుతిలో పాడేవారు కొందరు నిజంగానే దవడ దించి, మొదటి ఫార్మెంటును శ్రుతి దగ్గరికి తెచ్చుకుంటారు. అప్పుడు గీత శ్రుతి వెంట పోవడం నిజమే. జారుడు పరీక్షలో నోరు కదలకూడదు కాబట్టి అది ఈ మార్పును పట్టుకోలేదు. అందుకే పాడుతున్నంతసేపూ ముఖాన్ని పక్క నుంచి వీడియో తీసి ఉంచుకోవాలి. దవడ దిగని చోట వచ్చిన 400 అంకెను పట్టికలోంచి తీసేయండి. దిగిన చోట, ఆమె అదే దవడతో తక్కువ శ్రుతిలో పలికిన అచ్చును కొలిచి పోల్చండి.